పగ్‌తో కొండకు: తిరుపతి నుంచి పెంపుడు కుక్కను విహారానికి తీసుకెళ్లేటప్పుడు చోటు ఎంచుకునే లెక్క

సంక్షిప్తంగా: పెంపుడు జంతువులను రానిస్తామని చెప్పే వసతి దొరకడం, ఆ చోటు జంతువుకు అనువుగా ఉండడం ఒకటి కావు. తిరుపతి, చిత్తూరు ప్రాంతం నుంచి బయలుదేరే కుటుంబాలకు చోటును నిర్ణయించేవి ముఖ్యంగా మూడు: మధ్యాహ్నపు వేడిని ఆ జాతి కుక్క ఎంతవరకు తట్టుకోగలదు, వెళ్లే చోటు ఏ అడవి పరిధిలో ఉంది, ఇచ్చే గది ఎలాంటిది. వేసవిలో ఒక పగ్‌ను హార్స్‌లీ హిల్స్‌కు తీసుకెళ్లే ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకుని ఈ వ్యాసం ఆ మూడింటినీ పరిశీలిస్తుంది.

ప్రశ్న ఎక్కడ మొదలవుతుంది

వేసవి సెలవులు రాగానే తిరుపతిలో కుక్కను పెంచుకునే ఇళ్లలో ఒకే చర్చ జరుగుతుంది. దాన్ని ఎవరి దగ్గరైనా వదిలి వెళ్లాలా, వెంట తీసుకెళ్లాలా అన్నదే ఆ చర్చ. బంధువులు ఒప్పుకోరు, డబ్బు తీసుకుని కుక్కలను ఉంచుకునే చోట్లు ఊళ్లో ఎక్కువ లేవు, ఉన్నవాటిపై నమ్మకం కుదరదు. కనుక తీసుకెళ్దామనే నిర్ణయం తేలిగ్గానే జరిగిపోతుంది. ఆ తరువాత వెతుకులాట అంతా వసతి చుట్టూ తిరుగుతుంది. ‘పెట్ ఫ్రెండ్లీ’ అన్న మాట కనిపించగానే గది తీసుకుంటారు, అక్కడితో సమస్య తీరిందనుకుంటారు.

ఆ మాటకు చట్టంలో నిర్వచనం లేదు. కుక్కను గదిలోకి రానిచ్చే చోటూ, ఆవరణలో చెట్టుకు కట్టేసుకోమనే చోటూ, చిన్న జాతులకు మాత్రమే ఒప్పుకునే చోటూ అదే మాట వాడతాయి. పైగా ఆ మాట యజమాని ఇష్టాన్ని తెలుపుతుందే తప్ప వాతావరణాన్ని కాదు. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు ఆ ఆవరణలో నేల ఎంత కాలుతుందో ఏ ప్రకటనా చెప్పదు.

పిల్లుల విషయం ఇక్కడే ముగించవచ్చు. పిల్లి మనుషులతో ఎంత అల్లుకుపోయినా దాని నెమ్మది ఎక్కువగా తనకు తెలిసిన చోటు మీద, అక్కడి వాసనల మీద ఆధారపడి ఉంటుంది. రెండు మూడు రోజుల విహారం కోసం దాన్ని బుట్టలో పెట్టి తీసుకెళ్లడం కన్నా, ఇంట్లోనే ఉంచి రోజూ వచ్చి తిండి, నీళ్లు చూసే మనిషిని పెట్టుకోవడం చాలా సందర్భాల్లో మేలు. కుక్క అలా కాదు. అది మనిషి వెంట ఉంటే చోటు మారినా త్వరగానే సర్దుకుంటుంది. దాని ఇబ్బంది చోటుతో కన్నా వేడితో ఎక్కువ.

రొప్పడం అనే యంత్రం

మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు చెమట గ్రంథులు పనిచేసేది దాదాపు పాదాల అడుగున మాత్రమే, వాటి వల్ల ఒళ్లు చల్లబడేది నామమాత్రం. దాని శరీరం వేడిని వదిలించుకునే ప్రధాన మార్గం రొప్పడం. నాలుక, నోరు, ముక్కు లోపలి తడి పొరల మీదుగా గాలి వేగంగా ఆడితే ఆ తడి ఆవిరవుతుంది, ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకుపోతుంది. విశ్రాంతిలో నిమిషానికి 15 నుంచి 30 సార్లు ఊపిరి తీసే కుక్క, వేడెక్కినప్పుడు 300 సార్ల దాకా రొప్పగలదు.

ఈ యంత్రానికి రెండు బలహీనతలున్నాయి. మొదటిది గాలిలోని తేమ. చుట్టూ గాలి ఇప్పటికే తేమతో నిండి ఉంటే నాలుక మీది తడి ఆవిరి కాదు, కుక్క ఎంత రొప్పినా ఫలితం ఉండదు. అందువల్ల సముద్రపు ఒడ్డున 34 డిగ్రీల ఉక్కపోత, లోపలి పొడి ప్రాంతంలోని 37 డిగ్రీల కన్నా కుక్కకు కష్టంగా ఉండవచ్చు. తిరుపతి జిల్లాలోనే ఉన్న తూపిలిపాళెం తీరం వేసవిలో మనుషులకు హాయిగా అనిపించినా, అది కుక్కకు అనువైన విహారం కాకపోవడానికి కారణం ఇదే. దీనికి తోడు దాహంతో సముద్రపు నీరు తాగిన కుక్కకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

రెండో బలహీనత ముక్కు నిర్మాణం. ముక్కు పొడవుగా ఉన్న కుక్కకు ఆవిరయ్యే తడి పొర ఎక్కువ, గాలి పోయే దారి విశాలం. పగ్, షిట్జూ, బుల్‌డాగ్ వంటి చప్పిడి మూతి జాతుల్లో ఎముక కుదించుకుపోయినా లోపలి కండ, పొరలు ఆ మేరకు తగ్గలేదు. ముక్కు రంధ్రాలు సన్నగా ఉంటాయి, అంగిటి వెనుక భాగం పొడవుగా సాగి గాలిదారికి అడ్డుపడుతుంది. నిద్రలో పగ్ పెట్టే గురక చాలామందికి ముద్దుగా అనిపిస్తుంది కాని, అది ఇరుకైన గాలిదారి చేసే చప్పుడు. అలాంటి కుక్క రొప్పడానికే ఎక్కువ శ్రమ పడాలి, ఆ శ్రమ మళ్లీ వేడిని పుట్టిస్తుంది. ఒక మొబైల్ కంపెనీ ప్రకటన పుణ్యమా అని రెండు దశాబ్దాల కిందట మన ఊళ్లలో ఇంటింటికీ చేరిన ఈ కుక్క, రాయలసీమ ఎండకు సరిపడని జాతుల్లో ముందు వరుసలో ఉంటుంది. వీధుల్లో పుట్టి పెరిగే నాటు కుక్కకు పొడవాటి మూతి, పొట్టి బొచ్చు, సన్నటి ఒళ్లు ఉంటాయి, అది అదే ఎండలో ఎంతో మెరుగ్గా నెగ్గుకొస్తుంది. లాబ్రడార్ ఈ రెంటికీ నడుమ ఉంటుంది కాని, ఒళ్లు చేసిన లాబ్రడార్‌ను పగ్‌తో సమానంగానే చూడాలి.

కొండ ఎంత చల్లన?

ఎత్తుకు వెళ్లే కొద్దీ గాలి చల్లబడే తీరు సగటున ప్రతి వెయ్యి మీటర్లకు 6.5 డిగ్రీల సెల్సియస్. తిరుపతి పట్టణం సముద్ర మట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది. ఏనుగు మల్లమ్మ కొండ అని స్థానికులు పిలిచే హార్స్‌లీ హిల్స్ ఎత్తు దాదాపు 1,265 మీటర్లు. తేడా 1,100 మీటర్లనుకుంటే ఉష్ణోగ్రతలో తేడా ఏడు డిగ్రీలు. తిరుపతిలో 41 డిగ్రీలు కాసే మే మధ్యాహ్నాన కొండ మీద దాదాపు 34 ఉంటుందన్నమాట.

ఈ లెక్క చాలామంది అంచనాకు దెబ్బ కొడుతుంది. కొండ అనగానే చల్లదనం గుర్తొస్తుంది, కుక్కకు అక్కడ రోజంతా హాయిగా ఉంటుందనిపిస్తుంది. కాని 34 డిగ్రీల నీడ కూడా పగ్ పరుగులు తీయడానికి తగిన వాతావరణం కాదు. కొండ ఇచ్చే అసలు లాభం మధ్యాహ్నంలో కాక రాత్రిలో, తెల్లవారుజామున ఉంటుంది. మే నెలలో తిరుపతిలో తెల్లవారుజామున కూడా 28 డిగ్రీలకు తగ్గని రోజులు తరచుగా ఉంటాయి, పైగా ఉక్క. అదే సమయంలో కొండ మీద 21, 22 డిగ్రీల చల్లగాలి వీస్తుంది. ఇంటి దగ్గర పదిహేను నిమిషాల నడకకే నాలుక వేలాడేసే కుక్క అక్కడ ఉదయం ముప్పావు గంట, సాయంత్రం సూర్యాస్తమయం తరువాత ముప్పావు గంట ఇబ్బంది లేకుండా నడవగలదు. నడుమ ఉండే పగలు దాదాపు అంతా మాత్రం గదిలోనే గడపాలి. చోటును ఎంచుకునేటప్పుడు చూసే దృశ్యాల కన్నా గది ముఖ్యం కావడానికి కారణం ఇదే.

చిత్తూరు నుంచి బయలుదేరేవారు తరచుగా ఎంచుకునే మరో కొండ తమిళనాడులోని ఏలగిరి. దాని ఎత్తు సుమారు 1,100 మీటర్లు, కనుక లాభమూ కొంచెం తక్కువే. దారిలో 14 హెయిర్‌పిన్ మలుపులున్నాయి, కారు పడని కుక్కకు అవే పెద్ద పరీక్ష. ఇక 2,100 మీటర్ల కొడైకెనాల్‌లో చల్లదనం నిజంగా మధ్యాహ్నం కూడా ఉంటుంది, తేడా పన్నెండు డిగ్రీలు దాటుతుంది. కాని తిరుపతి నుంచి అది 500 కిలోమీటర్లకు పైబడిన దారి. అందులో సగానికి పైగా ఎండలోనే నడుస్తుంది. పైగా 2024 మే నుంచి వేసవి రద్దీ కారణంగా కొడైకెనాల్‌కు, ఊటీకి వాహనాలపై వెళ్లేవారు ఈ-పాస్ తీసుకోవలసి వస్తోంది. రెండు రోజుల చల్లదనం కోసం కుక్కను రెండు పగళ్లు కారులో కూర్చోబెట్టడం లాభమో నష్టమో ఎవరికి వారు తూచుకోవాలి. వారం రోజులు ఉండగలిగితే తప్ప అది నష్టంగానే కనిపిస్తుంది.

అడవి గీత

దగ్గరలోని చోటంటే మొదట గుర్తొచ్చేది తలకోన. చెట్ల నీడ, జలపాతం ఉన్నాయి, తిరుపతి నుంచి గంటన్నర ప్రయాణం. కుక్కకు ఇంతకన్నా ఏం కావాలనిపిస్తుంది. అయితే తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం పరిధిలోకి వస్తుంది. జాతీయ ఉద్యానవనాల్లోకి, అభయారణ్యాల్లోకి పెంపుడు కుక్కలను అనుమతించరు. చెక్‌పోస్టు దాకా వెళ్లి వెనుదిరిగేవారికి ఇది మొండి నిబంధనలా తోస్తుంది కాని, దాని వెనుక రెండు గట్టి కారణాలున్నాయి.

ఒకటి వ్యాధి. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ ఇతర మాంసాహార జంతువులకూ సోకుతుంది. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో కొద్ది వారాల్లో ఇరవైకి పైగా సింహాలు చనిపోయినప్పుడు, వాటిలో కొన్నింటిలో ఈ వైరస్ బయటపడింది. టీకా వేయించిన కుక్క తాను సురక్షితంగా ఉన్నా, టీకా లేని వందల కుక్కల నుంచి దాన్ని వేరు చేసి చూసే వీలు చెక్‌పోస్టులో ఉండదు, అందుకే నిబంధన అన్నిటికీ ఒకటే. రెండో కారణం చిరుత. కుక్క దానికి తేలిగ్గా దొరికే ఆహారం. మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ ప్రాంతంలో జరిగిన పరిశోధనలో చిరుతల ఆహారంలో అన్నిటికన్నా పెద్ద వాటా కుక్కలదేనని తేలింది. శేషాచలం అడవుల్లో చిరుతల సంచారం తిరుపతివాసులకు కొత్తగా చెప్పనక్కరలేదు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యంలోనైతే ఏనుగుల సమస్య. ఏనుగును చూసి మొరిగిన కుక్క, అది తరిమినప్పుడు పరుగెత్తి వచ్చేది యజమాని దగ్గరికే.

ఇదే సూత్రం పులికాట్, నేలపట్టు పక్షి కేంద్రాలకూ వర్తిస్తుంది. అక్కడ కుక్క ప్రాణానికి ముప్పేమీ లేదు, ముప్పంతా పక్షులకే. ఒక్క కుక్క ఒడ్డు వెంట పరుగెత్తితే మేస్తున్న గుంపు మొత్తం లేచిపోతుంది.

హార్స్‌లీ హిల్స్‌లో జనావాసం, అతిథి గృహాలు ఉన్న శిఖరం చుట్టూ రిజర్వు అడవి ఉంది. కనుక గొలుసు విప్పి వదలడం అక్కడా కుదరదు. కోతుల బెడద అదనం. చేతిలో తిండి ఉన్న మనిషి పక్కన కుక్క ఉంటే కోతులు భయపడి దూరం పోతాయనుకోవడం పొరపాటు. గుంపుగా ఉన్నప్పుడు అవే ఎదురు తిరుగుతాయి, పగ్ వంటి చిన్న కుక్కను కరవడానికీ వెనుకాడవు. ఆలయాల సంగతి వేరుగా చెప్పే పని లేదు. దారిలో దర్శనం కూడా చేసుకుందామనుకునే కుటుంబంలో ఒకరు కుక్కతో బయట ఉండిపోవాలి. ఆ ఒకరు కుక్కతో పాటు ఆపిన కారులో కూర్చోవడం పరిష్కారం కాదు.

ఉదాహరణ: తొమ్మిది కిలోల పగ్, రెండు రాత్రులు

తిరుపతిలోని ఒక కుటుంబం మే రెండో వారంలో ఐదేళ్ల పగ్‌తో హార్స్‌లీ హిల్స్‌కు వెళ్లి రెండు రాత్రులు ఉండాలనుకుంది అనుకుందాం. ఆరోగ్యంగా ఉన్న పగ్ ఆరు నుంచి ఎనిమిది కిలోల మధ్య ఉండాలి, ఇది తొమ్మిది ఉంది. ఆ అదనపు కిలో కొవ్వు గాలిదారి చుట్టూ కూడా చేరుతుంది కనుక ఈ కుక్కను మరింత జాగ్రత్త అవసరమైనదిగానే లెక్కించాలి.

ప్రయాణానికి నెల ముందు చూడవలసింది టీకా కార్డు. రేబిస్ టీకా గడువు దాటి ఉంటే వెంటనే వేయించాలి, దాని రక్షణ స్థిరపడడానికి మూడు వారాలు పడుతుంది. డిస్టెంపర్, పార్వో, లెప్టోస్పైరోసిస్ టీకాలూ అందులోనే చూసుకోవాలి. కొండ గడ్డిలో గోమార్లు, అంటే పిడుదులు, ఎక్కువ. వాటికి విరుగుడుగా నమిలే మాత్రను పశువైద్యుడి సలహాతో బరువును బట్టి, బయలుదేరడానికి కొద్ది రోజుల ముందే ఇవ్వాలి. తిరుపతిలో పశువైద్య కళాశాల, దాని ఆసుపత్రి ఉన్నందువల్ల ఈ పని తేలిక. కొండ మీద ఆ సౌకర్యం ఉండదన్నది లెక్కలో పెట్టుకోవలసిన విషయం. అక్కడ ఏదైనా జరిగితే ఘాట్ దిగి మదనపల్లెకు రావాలి, అంటే ముప్పావు గంట. మదనపల్లెలో చిన్న జంతువులను చూసే వైద్యుడి ఫోన్ నంబరు, ఆదివారం ఉంటారో లేదో ముందే కనుక్కుని రాసుకోవాలి.

మత్తు మాత్ర ఇచ్చి పడుకోబెడదామన్న ఆలోచన కొందరికి వస్తుంది. చప్పిడి మూతి కుక్కకు అది ప్రమాదం. మత్తులో గొంతు కండరాలు సడలి గాలిదారి మరింత ఇరుకవుతుంది, శరీరం వేడిని అదుపు చేసుకునే శక్తి తగ్గుతుంది. వాంతి సమస్యకైతే నిద్ర పట్టించకుండా వాంతిని మాత్రమే ఆపే మందులున్నాయి, వాటిని వైద్యుడే రాయాలి. ఇంట్లో ఉన్న పారాసెటమాల్ వంటి మనుషుల మందులు ఇవ్వకూడదు.

దూరం దాదాపు 140 కిలోమీటర్లు. చంద్రగిరి, భాకరాపేట ఘాట్, పీలేరు, కలికిరి, వాల్మీకిపురం మీదుగా మదనపల్లె, అక్కడి నుంచి కొండ. కుక్కకు ముందు రోజు రాత్రి ఎనిమిదికి తిండి పెట్టి, ఉదయం నీళ్లు మాత్రమే ఇచ్చి, నాలుగున్నరకు బయలుదేరితే ఖాళీ కడుపుతో మొదటి ఘాట్ దాటుతుంది, వాంతి భయం సగం తగ్గుతుంది. దారి మొత్తం మీద పడమటి వైపుకే సాగుతుంది. కనుక ఆరు దాటాక ఎండ వెనుక అద్దం నుంచి సూటిగా లోపలికి పడుతుంది, ముందు కూర్చున్నవారికి అది తెలియదు. వెనుక సీటులో కుక్క ఉన్నప్పుడు ఆ అద్దానికి తెర కట్టడం, ముందున్న ఏసీ గాలి వెనుకకు చేరుతున్నదో లేదో అరచేయి పెట్టి చూడడం అవసరం. కుక్కకు ఛాతీ పట్టీ వేసి సీటు బెల్టుకు తగిలించాలి. మెడపట్టీకి తగిలిస్తే బ్రేకు పడినప్పుడు ఆ బరువంతా అసలే ఇరుకైన గొంతు మీద పడుతుంది.

పీలేరు దాటాక ఒకసారి ఆగి, నీళ్లు పట్టి, మూత్రానికి దింపాలి. ఆరున్నరకు తారు రోడ్డు ఇంకా కాలదు. మధ్యాహ్నమైతే దింపే ముందు చేతి వెనుక భాగాన్ని ఏడు సెకన్లు రోడ్డు మీద ఆనించి చూడడం సులువైన పరీక్ష. మనిషి చేయి ఆనలేకపోతే కుక్క పాదమూ ఆనలేదు. మదనపల్లెలో టమాటా మార్కెట్ వైపు లారీల రద్దీ మొదలయ్యే వేళ అది, ట్రాఫిక్‌లో కారు నిలిచిపోతే ఇంజను ఆపకుండా ఏసీని నడవనివ్వాలి. టిఫిను కోసం హోటల్ దగ్గర ఆగి కుక్కను కారులో వదలడం ఈ ప్రయాణంలో జరగగల పెద్ద పొరపాటు. ఎండలో ఆపిన కారు లోపలి ఉష్ణోగ్రత మొదటి పది నిమిషాల్లోనే సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. అద్దం రెండు వేళ్లు దించి పెట్టినా ఆ తేడా పెద్దగా తగ్గదు. బయట 30 ఉన్న ఉదయం, ఇడ్లీ తిని కాఫీ తాగి వచ్చే అరగంటలో లోపల 45 దాటగలదు. విడతలుగా తినడమో, పొట్లం కట్టించుకోవడమో తప్ప మరో దారి లేదు.

ఎనిమిదిన్నరకు కొండ చేరితే గది తాళం చేతికి రావడానికి సాధారణంగా ఇంకా కొన్ని గంటలుంటుంది. ఇది ముందుగా మాట్లాడుకోకపోతే ఆ కొన్ని గంటలే కుక్కకు రోజు మొత్తంలో కష్టమైన సమయం అవుతుంది. ముందు రోజు నుంచే గది తీసుకోవడమో, ఉదయం ఇస్తామని ఖాయం చేసుకోవడమో చేయాలి. గది ఏ వైపు ఉన్నదన్నదీ అడగాలి. పడమటి గోడ ఉన్న గది సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా వేడిని విడుస్తూనే ఉంటుంది. కరెంటు పోతే ఫ్యాను తిరిగే జనరేటరు ఉందా, ఆవరణకు ప్రహరీ ఉందా, అక్కడ తిరిగే కుక్కలు ఉన్నాయా, కుక్కను గదిలోనే పడుకోనిస్తారా అన్న ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పే మేనేజరు ఉన్న చోట, ఆ ఆవరణలో ఇంతకుముందు కుక్కలు ఉండి వెళ్లాయని నమ్మవచ్చు. ‘తీసుకురండి సార్, చూద్దాం’ అనే జవాబు నిరాకరణకు మర్యాద రూపమే. గేటు దగ్గర తిప్పి పంపితే ఎండలో మరో చోటు వెతకవలసింది ఆ కుక్కతోనే.

తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నం భోజనం తరువాత అన్న అలవాటు పనికిరాదు. మూడో రోజు ఉదయం ఐదింటికి దిగితే తొమ్మిదిలోపు తిరుపతి చేరవచ్చు. ఈసారి ఎండ ముందు అద్దం నుంచి పడుతుంది, వెనుక సీటుకు నీడ దక్కుతుంది.

తేడా వచ్చినప్పుడు తెలుసుకోవడం ఎలా

కుక్క సాధారణ శరీర ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల మధ్య ఉంటుంది, మనిషిలో జ్వరమనిపించే అంకె దానికి మామూలు. 41 దాటితే వడదెబ్బ. నీడకు చేర్చి పది నిమిషాలైనా రొప్పడం తగ్గకపోవడం మొదటి హెచ్చరిక. నాలుక చివర వెడల్పయి గరిటెలా సాగడం, చొంగ జిగురుగా మారడం, చిగుళ్లు ముదురు ఎరుపుకు తిరగడం తరువాతి మెట్లు. పగ్ విషయంలో చెవికి తెలిసేది మరొకటుంది: మామూలు గురక స్థానంలో గీర గొంతుతో ఊపిరి లాగుతున్న చప్పుడు వస్తుంది. తూలడం, వాంతి దాకా వస్తే ప్రతి నిమిషమూ లెక్కే.

అప్పుడు చేయవలసింది ముందు చల్లబరచడం, ఆ తరువాతే తరలించడం. కుళాయి నీటినో, దగ్గరున్న సీసాల నీటినో ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట కింద, తొడల లోపల పోస్తూ గాలి తగిలేలా చూడాలి. మూతి మీద, ముక్కులోకి నీరు పోకూడదు. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే అది కాసేపటికే వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది, నీరు పోస్తూ ఉండడమే మేలు. థర్మామీటరు ఉండి 39.4కు దిగినట్టు కనిపిస్తే ఆపాలి, లేకపోతే ఒళ్లు అవసరానికి మించి చల్లబడుతుంది. స్పృహలో ఉన్న కుక్కకు నీళ్లు కొద్దికొద్దిగా అందించవచ్చు, గొంతులో పోయకూడదు. లేచి తోక ఊపినా ఆసుపత్రికి తీసుకెళ్లక తప్పదు. మూత్రపిండాలకు, రక్తం గడ్డకట్టే వ్యవస్థకు జరిగిన నష్టం ఒకటి నుంచి మూడు రోజుల తరువాత బయటపడడం వడదెబ్బలో సాధారణం.

ఇంటికి వచ్చిన తరువాత మరో గడువు నడుస్తుంది. గోమారి కాటుతో వచ్చే జ్వరాలు బయటపడడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. అప్పటికి ప్రయాణం సంగతి అందరూ మరచిపోయి ఉంటారు. తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే, ఫలానా తేదీన కొండకు వెళ్లి వచ్చామన్న మాట వైద్యుడికి చెప్పాలి. రక్త పరీక్ష ఏది చేయాలన్నది ఆ మాటతో తేలుతుంది.

రైలు మాటేమిటి

దూర ప్రాంతాలకు రైలు గురించి అడిగేవారు ఎక్కువ. రైల్వే నిబంధనల ప్రకారం కుక్కను వెంట ఉంచుకోగలిగేది ఫస్ట్ ఏసీలో లేదా ఫస్ట్ క్లాసులో, అదీ రెండు బెర్తుల కూపేనో నాలుగు బెర్తుల క్యాబినో మొత్తం తమకే దక్కినప్పుడు మాత్రమే. ఏసీ టూ టయర్, త్రీ టయర్, చైర్ కార్, స్లీపర్ బోగీల్లోకి అనుమతి లేదు. కనుక 2023 నుంచి నడుస్తున్న తిరుపతి–సికింద్రాబాద్ వందే భారత్ వంటి చైర్ కార్ రైళ్లు పనికిరావు. టికెట్టుతో పాటు కూపే దొరుకుతుందన్న హామీ కూడా ఉండదు, అది చార్టు తయారయ్యేటప్పుడు తేలుతుంది. మిగిలిన దారి గార్డు బోగీలోని కుక్కల పెట్టె. ముందుగా పార్సిల్ ఆఫీసులో టీకా కార్డు, ఆరోగ్య ధ్రువపత్రం చూపి బుక్ చేయాలి, తిండీ నీళ్లూ యజమానే చూసుకోవాలి. ఏసీ లేని ఆ ఇనుప గదిలో మే నెల పగటి ప్రయాణం పగ్‌కు ఏ లెక్కన చూసినా తగదు.

ఏ నెలలో, ఏ కుక్కతో

ఇదంతా చూస్తే సమస్య చోటులో కన్నా నెలలో ఎక్కువ ఉన్నదని తెలుస్తుంది. అదే హార్స్‌లీ హిల్స్, అదే గది, డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా పగ్‌కు పగలంతా తిరగగలిగే చోటు అవుతుంది. రాత్రి చలికి ఒక దుప్పటి చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తడి గడ్డిలో గోమార్లు, నిలిచిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ భయం ఉంటాయి. పిల్లల సెలవులు మే నెలలో ఉండడం వల్లనే కుక్కల ప్రయాణాలూ మేలో జరుగుతున్నాయి తప్ప, కుక్క వైపు నుంచి చూస్తే ఆ నెలను ఎంచుకునే కారణం ఒక్కటీ లేదు.

నాటు కుక్కతోనో, సన్నగా ఉన్న లాబ్రడార్‌తోనో అయితే మే ప్రయాణం పైన చెప్పిన వేళలు పాటిస్తూ చేయదగినదే. పదేళ్లు దాటిన కుక్క, గుండె జబ్బు ఉన్న కుక్క, టీకాలు పూర్తికాని పిల్ల ఏ కాలంలోనైనా ఇంట్లో ఉండడమే మంచిది. ఐదేళ్ల పగ్ విషయంలో నిర్ణయం కొండ మీది గది మీద ఆధారపడుతుంది. తూర్పు ముఖపు గది, తెల్లవారగానే తాళం, కరెంటు పోయినా తిరిగే ఫ్యాను, ఈ మూడింటికీ ఫోనులోనే అవునన్న జవాబు వస్తే వెళ్లవచ్చు. ఒక్కదానికి కాదన్నా, ఆ ప్రయాణాన్ని జనవరికి వాయిదా వేయడం వల్ల పోయేదేమీ లేదు. సంక్రాంతి సెలవులు ఎలాగూ ఉన్నాయి.